అద్దె, కరెంటు బిల్లు ఏ వస్తువు మీద ఎంత వేయాలి? ధర పెట్టే ముందు ఉమ్మడి ఖర్చులు పంచే పద్ధతి

ఒకే షెడ్డులో మూడు నాలుగు రకాల సరుకు తయారుచేసి అమ్మేవాళ్లకి ముడిసరుకు లెక్క దగ్గర పెద్దగా ఇబ్బంది ఉండదు. నూనె ఎంత పట్టింది, మైనం ఎంత పట్టింది, డబ్బా ఎంత, లేబుల్ ఎంత అని కాగితం మీద వేసుకుంటే తేలిపోతుంది. చిక్కంతా అద్దె, కరెంటు లాంటి వాటితోనే. అవి ఏ ఒక్క వస్తువు పేరు మీదా రావు, నెలకి ఒకే బిల్లుగా వచ్చి అన్నిటి మీదా కలిపి పడతాయి. అప్పుడు చాలామంది చేసేది ఏంటంటే, మొత్తం ఖర్చుని మొత్తం పీసుల సంఖ్యతో భాగించి, తలా ఇంత అని వేసేసి ధర పెట్టేస్తారు. నెలాఖరుకి మొత్తం మీద లాభమే కనిపిస్తుంది కాబట్టి అనుమానం కూడా రాదు. కానీ ఏ వస్తువు సంపాదిస్తోందో, ఏది పక్కదాని సంపాదన తింటోందో ఆ లెక్కలో కనపడదు.

ఇక్కడ ఒక్క ఉదాహరణనే మొదటినుంచి చివరిదాకా పట్టుకుని వెళ్దాం. ఒక చిన్న తయారీ యూనిట్, అందులో మూడు వస్తువులు: చేతితో చేసే సబ్బులు, సువాసన కొవ్వొత్తులు, చిన్న బామ్ డబ్బాలు. అంకెలన్నీ లెక్క సులువుగా నడవడానికి నేను ఊహించి పెట్టినవే, కరెన్సీ ఏదైనా అనుకోండి.

నెలకి 1,200 సబ్బులు, 400 కొవ్వొత్తులు, 1,000 బామ్ డబ్బాలు అమ్ముడవుతాయి. ఒక్కో పీసుకి నేరుగా అయ్యే ఖర్చు, అంటే ముడిసరుకు, ప్యాకింగ్, దాని మీద పడే చేతిపని కూలి కలిపి, సబ్బుకి 30, కొవ్వొత్తికి 80, బామ్‌కి 25. అమ్మే ధరలు వరసగా 65, 140, 50. ఉమ్మడి ఖర్చులు నెలకి 39,000: అందులో అద్దె 24,000, కరెంటు 9,000, ఇంటర్నెట్, ఇన్సూరెన్స్, లెక్కలు రాసే మనిషి లాంటి మిగతావన్నీ కలిపి 6,000.

తలా ఇంత పద్ధతిలో 39,000ని 2,600 పీసులతో భాగిస్తే ఒక్కోదానికి 15 వస్తుంది. అంటే సబ్బు మీద 20, కొవ్వొత్తి మీద 45, బామ్ మీద 10 మిగులుతోంది అని తేలుతుంది. ఈ కాగితం చూసిన ఎవరైనా ఏమంటారు? కొవ్వొత్తులు పెంచండి, బామ్ ఆపేయండి అంటారు. ఈ సలహా రెండువైపులా తప్పే. ఎందుకో తెలియాలంటే బిల్లుల్ని విప్పాలి.

మొదటి అడుగు: ఉమ్మడి కానివాటిని బయటికి తీయడం

పంచడం మొదలుపెట్టే ముందు, ఆ 39,000లో నిజంగా ఉమ్మడివి ఎన్ని అని చూడాలి. ఫలానా సువాసన నూనెని చల్లగా ఉంచడానికి విడిగా ఒక ఫ్రిజ్ అద్దెకి తీసుకుని ఉంటే, అది ఉమ్మడి ఖర్చు కాదు, ఆ నూనె వాడే వస్తువుదే. ఒక్క వస్తువుకి మాత్రమే పనికొచ్చే లైసెన్సు రుసుమూ అంతే. ఇలాంటివి ముందే తీసేసి ఆయా వస్తువు ఖాతాలో వేసేస్తే, తర్వాత పంచాల్సింది తగ్గుతుంది, వాదన కూడా తగ్గుతుంది.

రెండో జాగ్రత్త, ఒక నెల బిల్లు పట్టుకుని లెక్క వేయకండి. కరెంటు వాడకం కాలాన్ని బట్టి మారుతుంది, ఇన్సూరెన్స్ ఏడాదికి ఒకసారే కడతాం. 12 నెలల మొత్తం తీసుకుని 12తో భాగించిన అంకెనే వాడండి. బిల్లులో మీకు తిరిగి వచ్చే పన్ను ఏదైనా ఉంటే అది మీ ఖర్చు కాదు, తీసేయండి. గది మీ సొంతదై అద్దె కట్టనక్కర్లేకపోతే ఆ గడిలో సున్నా వేయాలనిపిస్తుంది, వేయకండి. ఆ గదిని బయటివాళ్లకి ఇస్తే ఎంత వచ్చేదో అంత వేయండి. లేకపోతే రేపు పని పెరిగి వేరే చోటికి మారాల్సి వచ్చినప్పుడు మీ ధరలన్నీ ఒక్కసారిగా గిట్టుబాటు కాకుండా పోతాయి.

రెండో అడుగు: అద్దెని జాగా ప్రకారం, జాగాని కాలం ప్రకారం

ఒక ఖర్చుని పంచేటప్పుడు అడగాల్సింది ఒకటే: ఇది దేనివల్ల పెరుగుతోంది? అద్దె అమ్మిన పీసుల వల్ల పెరగదు, జాగా వల్ల పెరుగుతుంది. కాబట్టి టేపు పట్టుకుని నేల కొలవాల్సిందే, కంటి అంచనా ఇక్కడ పనికిరాదు. ఎత్తుగా ఉన్న ర్యాక్ తక్కువ జాగా తిన్నట్టు కనిపిస్తుంది, కానీ దాని చుట్టూ మనిషి నిలబడి సరుకు తీసే జాగా కూడా దాని ఖాతాలోదే.

మన షెడ్డు 600 చదరపు అడుగులు. సబ్బుల ర్యాకులు 240, కొవ్వొత్తుల మైనం కరిగించే యంత్రాలు, చల్లారబెట్టే అరలు కలిపి 110, బామ్ మూల 30, మూడింటికీ వాడే పని బల్ల దాని చుట్టూ ఉన్న జాగాతో కలిపి 100. మిగిలిన 120 నడక దారి, ఆఫీసు బల్ల, బాత్రూమ్.

ఆ 120ని ఎవరి మీద వేయాలా అని టెన్షన్ పడక్కర్లేదు. దాన్ని పక్కన పెట్టి, పనికొచ్చే 480తోనే అద్దెని భాగిస్తే చాలు: 24,000ని 480తో భాగిస్తే చదరపు అడుగుకి 50. నడక దారి అద్దె దానంతట అదే అందరి మీదా జాగా నిష్పత్తిలో పడిపోతుంది.

పని బల్ల మాత్రం మూడింటిదీ. దాన్ని ఎవరు ఎంతసేపు వాడుతున్నారో చూడాలి. రెండు వారాలు బల్ల దగ్గర ఒక కాగితం అంటించి, పని మొదలైనప్పుడు, ముగిసినప్పుడు టైమ్ రాయమంటే సరిపోతుంది, ఏడాదంతా రాయక్కర్లేదు. నెలకి 150 గంటల్లో సబ్బులకి 45, కొవ్వొత్తులకి 60, బామ్‌కి 45 గంటలు అని తేలిందనుకోండి. అంటే 30, 40, 30 శాతం. బల్ల జాగా 100 అడుగుల్ని అలాగే పంచితే, సబ్బులకి మొత్తం 270 అడుగులు, కొవ్వొత్తులకి 150, బామ్‌కి 60. అద్దె వాటాలు 13,500, 7,500, 3,000. కూడితే 24,000 వచ్చింది, సరిపోయింది.

షీట్‌లో చేసేవాళ్లు B గడుల్లో జాగా, F1లో అద్దె పెట్టుకుని ఈ ఒక్క ఫార్ములా కిందికి లాగితే చాలు:

```
=$F$1*B2/SUM($B$2:$B$4)
```

ఇందులో చాలామంది వదిలేసేది కాలం. సబ్బు అచ్చులోంచి తీసి కోసిన వెంటనే అమ్ముడుపోదు, ఉడికించకుండా చేసే కోల్డ్ ప్రాసెస్ సబ్బు ఆరి గట్టిపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు ర్యాక్ మీద ఉండాలి. బామ్ చల్లారిన రోజే డబ్బా మూత పడి అట్టపెట్టెలోకి వెళ్లిపోతుంది. అంటే సబ్బు అద్దె కడుతున్నది అడుగులకి మాత్రమే కాదు, అడుగులకీ వారాలకీ కలిపి. మన ర్యాకుల్లో ఒకేసారి 1,500 సబ్బులు పడతాయి, నాలుగు వారాలు ఆరబెడితే నెలకి సుమారు 1,500 తీయొచ్చు. అదే ర్యాక్ మీద ఆరు వారాలు ఆరాల్సిన ఖరీదైన రకం సబ్బు మొదలుపెడితే నెలకి 1,000కి మించి రావు. ముడిసరుకు ఒకటే అయినా సరే, ఆ రకం ఒక్కో సబ్బు మీద ర్యాక్ అద్దె ఒకటిన్నర రెట్లు పడాలి. రెండు రకాలూ పెట్టినప్పుడు పీసుల సంఖ్యని వారాలతో గుణించి, ఆ నిష్పత్తిలో పంచండి. గోడౌన్‌లో నెలల తరబడి కదలకుండా కూర్చునే సరుకుకి కూడా ఇదే సూత్రం.

మూడో అడుగు: కరెంటుని యంత్రం యంత్రంగా

కరెంటు బిల్లుని కూడా జాగా ప్రకారమే పంచేయొచ్చు కదా అనిపిస్తుంది. లైట్లు, ఫ్యాన్లు మాత్రమే ఉండే చోట పంచొచ్చు కూడా. వేడి చేసే యంత్రం ఒక్కటి ఉన్నా ఆ దారి చెల్లదు, ఎందుకంటే వేడి చేసే యంత్రాలే బిల్లులో సింహభాగం తినేస్తాయి.

యంత్రం వెనక అంటించిన రేకు మీద వాట్లు రాసి ఉంటాయి. వాట్లని గంటలతో గుణించి 1,000తో భాగిస్తే యూనిట్లు వస్తాయి, ఇది అందరికీ తెలిసిందే. కానీ మైనం కరిగించే యంత్రానికి థర్మోస్టాట్ ఉంటుంది, అనుకున్న వేడి రాగానే హీటర్ ఆగి, చల్లబడగానే మళ్లీ వెలుగుతుంది. గది తేమ లాగే యంత్రమూ అంతే. రేకు మీది అంకెతో లెక్క వేస్తే వీటి వాటా ఉన్నదానికంటే బాగా పెరిగిపోతుంది, మొత్తం యూనిట్లు బిల్లుని దాటిపోతాయి. అలా దాటితే లెక్క తప్పిందని అర్థం. ప్లగ్గుకీ యంత్రానికీ మధ్య పెట్టే చిన్న ఎనర్జీ మీటర్ ఒకటి కొనుక్కుని, ఒక్కో యంత్రానికి ఒక పని వారం పాటు పెట్టి చూడటమే నమ్మకమైన దారి. ఆ మీటర్ ఎంత లోడ్ తట్టుకుంటుందో మాత్రం ముందే చూసుకోండి. పెద్ద హీటర్‌కి అది సరిపోకపోతే ఎలక్ట్రీషియన్ చేత ఆ లైనుకి విడిగా సబ్ మీటర్ పెట్టించుకోవాలి.

మన బిల్లులో నెలకి 900 యూనిట్లు. మీటర్ పెట్టి చూస్తే కొవ్వొత్తుల మైనం యంత్రాలు 360, బామ్ హీటర్ 90 తిన్నాయి. సబ్బులు కలిపే మిక్సర్ 10 యూనిట్లే, అసలు లెక్కలోకే రాదు, కానీ సబ్బులు ఆరే మూలలో రాత్రింబవళ్లు నడిచే తేమ లాగే యంత్రం 200 తింది. నాకు ఇలాంటి చోట ఎప్పుడూ తమాషాగా అనిపించేది ఇదే, శబ్దం చేసే యంత్రం మీద అందరి కళ్లూ ఉంటాయి, మూలన ఆగకుండా నడిచేదాన్ని ఎవరూ పట్టించుకోరు. మిగిలిన 240 లైట్లు, ఫ్యాన్లు, కంప్యూటర్. అవి జాగాకి వెలుగూ గాలీ ఇస్తున్నాయి కాబట్టి వాటిని రెండో అడుగులో తేలిన 270, 150, 60 నిష్పత్తిలోనే పంచితే 135, 75, 30 యూనిట్లు.

మొత్తం సబ్బులకి 345, కొవ్వొత్తులకి 435, బామ్‌కి 120 యూనిట్లు. బిల్లు 9,000ని 900తో భాగిస్తే యూనిట్ సగటున 10, కాబట్టి వాటాలు 3,450, 4,350, 1,200. బిల్లులో ఉండే స్థిర చార్జీని, వాడకం పెరిగే కొద్దీ మారే స్లాబు రేట్లని విడదీసి లెక్క వేయాలా అని కొందరు అడుగుతారు. చిన్న యూనిట్‌కి సగటు చాలు. ఒక్క మినహాయింపు ఉంది: ఒకేసారి ఎక్కువ లోడ్ లాగినందుకు విడిగా డబ్బు వసూలు చేసే కనెక్షన్ మీదైతే, ఆ లోడ్‌కి కారణం మైనం యంత్రాలే అయితే, ఆ చార్జీ సగటులో కలపకుండా నేరుగా కొవ్వొత్తుల మీదే వేయండి.

నాలుగో అడుగు: కారణం దొరకని ఖర్చులు

మిగిలిన 6,000 ఉంది. ఇంటర్నెట్ ఏ సబ్బు వల్ల పెరిగింది? దేని వల్లా కాదు. ఇక్కడ నిజమైన సమాధానం అంటూ ఏదీ ఉండదు, ఏదో ఒక సహేతుకమైన కొలత ఎంచుకుని మార్చకుండా వాడటమే. నేనైతే పని గంటలు వాడతాను, ఎందుకంటే ఆ కొలత చేతిలో ఉంది, పైగా ఎక్కువ తలనొప్పి పెట్టే వస్తువు ఎక్కువ మోస్తుంది. 30, 40, 30 శాతం చొప్పున 1,800, 2,400, 1,800.

ఒక్కటి మాత్రం చేయకండి, అమ్మకం విలువ ప్రకారం పంచడం. మనం వెతుకుతున్నదే అమ్మకం ధర. ధర ప్రకారం ఖర్చు పంచి, ఆ ఖర్చు ప్రకారం ధర పెడితే పాము తన తోకని తానే మింగినట్టు అవుతుంది. ధర పెంచిన ప్రతిసారీ ఆ వస్తువు మీద ఖర్చు వాటా పెరుగుతుంది, దాని వెనకే ధర మళ్లీ చాలట్లేదు అని తేలుతుంది.

ఐదో అడుగు: పీసు మీదికి దించడం

ఇప్పుడు వాటాలు కూడితే సబ్బులకి 18,750, కొవ్వొత్తులకి 14,250, బామ్‌కి 6,000. మూడూ కలిపి 39,000. ఈ కూడిక ప్రతిసారీ చేయండి, ఒక్క రూపాయి తేడా వచ్చినా ఎక్కడో ఒకదాన్ని రెండుసార్లు వేశారు లేదా వదిలేశారు. వీటిని పీసుల సంఖ్యతో భాగిస్తే ఇలా వస్తుంది:

| వస్తువు | తలా ఇంత వేస్తే | కారణం చూసి వేస్తే | మొత్తం ఖర్చు | ధర | మిగిలేది |
|---|---|---|---|---|---|
| సబ్బు | 15 | 15.6 | 45.6 | 65 | 19.4 |
| కొవ్వొత్తి | 15 | 35.6 | 115.6 | 140 | 24.4 |
| బామ్ | 15 | 6 | 31 | 50 | 19 |

సబ్బు దాదాపు ఉన్నచోటే ఉంది, అది కాకతాళీయం. కొవ్వొత్తి మీద 45 మిగులుతోంది అనుకున్నది 24 అయింది. ఆపేద్దాం అనుకున్న బామ్ మీద 10 కాదు, 19 వస్తోంది. ధరలో శాతంగా చూస్తే బామ్ 38, సబ్బు 30, కొవ్వొత్తి 17. వరస తలకిందులైంది. మొత్తం లాభం మాత్రం రెండు లెక్కల్లోనూ 52,000 దగ్గరే ఉంటుంది, అందుకే మొత్తాన్ని మాత్రమే చూసేవాళ్లకి ఇది ఎప్పటికీ కనపడదు.

ఈ తేడా మీ దగ్గర కూడా ఉందేమో పసిగట్టడానికి లెక్కలకి ముందే కొన్ని గుర్తులు కనిపిస్తాయి. ఎక్కువ లాభం అనుకున్న వస్తువు అమ్మకాలు పెరుగుతున్నా ఏడాది చివర డబ్బు పెరగకపోవడం ఒకటి. మీకు బొటాబొటిగా వస్తోందనుకున్న వస్తువుని మీలాంటి పోటీదారు అంతకంటే తక్కువకి హాయిగా అమ్మగలగడం ఇంకొకటి. వాళ్లు పిచ్చివాళ్లు కాకపోవచ్చు, మీ వస్తువు మోస్తున్నది దానిది కాని బరువు కావచ్చు.

ఇక్కడ అసలు జాగ్రత్త, ఏ సంఖ్యతో భాగించాలి అన్నది. కొవ్వొత్తులు ఒక నెల 200 మాత్రమే అమ్ముడయ్యాయి అనుకోండి. 14,250ని 200తో భాగిస్తే ఒక్కోదాని మీద 71 పడుతుంది. ఖర్చు పెరిగింది కదా అని ధర పెంచితే వచ్చే నెల 150 అమ్ముడవుతాయి, అప్పుడు వాటా 95. ఇలా ధర పెంచుతూ కొనేవాళ్లని పోగొట్టుకుంటూ ఆ వస్తువుని మీ చేతులతో మీరే చంపేస్తారు. అమ్మకం పడిపోయినప్పుడు వస్తువు తయారీ ఖర్చు పెరగలేదు, జాగా ఖాళీగా పడి ఉంది, అంతే. అందుకని ఆ నెల అమ్మినదాంతో కాకుండా, మామూలు రోజుల్లో ఆ జాగా, ఆ యంత్రాలు నిజంగా ఇవ్వగలిగిన సంఖ్యతో భాగించడం మంచిది.

సబ్బుల్నే తీసుకోండి. ర్యాకులు నెలకి 1,500 మోయగలవు, మనం తీస్తున్నది 1,200. 18,750ని 1,500తో భాగిస్తే 12.5. ధరలో వేయాల్సింది 15.6 కాదు, ఈ 12.5. మిగిలిన 300 సబ్బుల జాగాకి పడే 3,750ని ‘ఖాళీ జాగా ఖర్చు’ అని విడిగా ఒక వరసలో రాసుకోండి. అది కొనేవాళ్లు కట్టాల్సింది కాదు. ఆ ర్యాకులు ఎలా నింపాలి, లేదా ఎలా తగ్గించుకోవాలి అని మీరు ఆలోచించుకోవాల్సిన డబ్బు. పైన పట్టికలో నేను అమ్మిన సంఖ్యే వాడింది పాత పద్ధతితో పోల్చి చూపడానికి, మీ షీట్‌లో రెండూ పక్కపక్కన ఉంచుకోండి. అయితే ఇవ్వగలిగిన సంఖ్య అంటే యంత్రం పుస్తకంలో రాసిన గరిష్ఠం కాదు, సెలవులు, శుభ్రం చేసే టైమ్, పాడైపోయే సరుకు తీసేసిన సంఖ్య. గరిష్ఠం వేస్తే వాటా అందంగా తగ్గిపోతుంది, అద్దె మాత్రం తగ్గదు.

ఆరో అడుగు: ధర పెట్టడం

ఇప్పుడు ప్రతి వస్తువుకీ రెండు అంకెలు కావాలి. ఒకటి మొత్తం ఖర్చు, అది పైన వచ్చింది. రెండోది నేల ధర, అంటే ఆ ఒక్క పీసు చేయకపోతే ఆదా అయ్యే ఖర్చు. కొవ్వొత్తికి అది 80 కాదు. మైనం కరిగించే 360 యూనిట్లు కొవ్వొత్తులు చేస్తేనే ఖర్చవుతాయి, 3,600ని 400తో భాగిస్తే 9, కాబట్టి నేల ధర 89. బామ్‌కి హీటర్ కరెంటు 0.9 కలిపి దాదాపు 26. సబ్బుకి మాత్రం 30 దగ్గరే ఉంటుంది, తేమ లాగే యంత్రం పది సబ్బులున్నా వెయ్యి ఉన్నా అలాగే తిరుగుతుంది కాబట్టి.

నేల ధర కంటే కిందికి అమ్మితే ప్రతి పీసుకీ చేతి చమురు వదులుతుంది. నేల ధరకీ మొత్తం ఖర్చుకీ మధ్య అమ్మితే అద్దెలో కొంత భాగం వస్తుంది, అంతా రాదు. మామూలు ధర మొత్తం ఖర్చు పైనే ఉండాలి.

ఎంత పైన? ధరలో 25 శాతం మిగలాలి అనుకుంటే మొత్తం ఖర్చుని 0.75తో భాగించండి. ఖర్చు మీద 25 శాతం కలిపితే ధరలో మిగిలేది 20 శాతమే, ఈ రెండిటినీ కలిపేసుకునేవాళ్లు బోలెడుమంది. సబ్బుకి 12.5 వాటాతో మొత్తం ఖర్చు 42.5 కాబట్టి 57, పట్టికలోని మొత్తం ఖర్చు ప్రకారం బామ్‌కి 41, కొవ్వొత్తికి 154 వస్తాయి.

అలాగని బామ్‌ని 41కి దించాలా? అక్కర్లేదు. కొనేవాళ్లు 50 పెట్టి సంతోషంగా తీసుకుంటుంటే ఖర్చు లెక్క చూసి తగ్గించడం అమాయకత్వం. పోటీ వచ్చినప్పుడు ఎంతవరకు దిగొచ్చో తెలియడమే ఇక్కడ ఈ అంకె ఉపయోగం. కొవ్వొత్తిది వేరే కథ, 140 నుంచి 154కి పెంచితే అమ్మకాలు ఎంత పడితే నష్టం అని ముందే లెక్క వేయొచ్చు. ఇప్పుడు ఒక్కో కొవ్వొత్తి నేల ధర పైన 51 తెస్తోంది, 400కి 20,400. ధర 154 అయితే ఒక్కోటి 65 తెస్తుంది, అదే 20,400 రావడానికి 314 అమ్ముడైతే చాలు. అంటే అయిదింట ఒక వంతు కొనేవాళ్లు వెళ్లిపోయినా పాత స్థాయి కంటే దిగజారం. ఇలాంటి అంకె చేతిలో ఉంటే ధర పెంచడం గుడ్డి సాహసం అనిపించదు.

ధర పెంచడం కుదరకపోతే వాటా తగ్గించే దారి చూడాలి, అది ఎక్కడుందో కూడా ఈ పంపకమే చూపిస్తుంది. మైనం యంత్రం చల్లగా ఉన్న స్థితి నుంచి వేడెక్కడానికి ప్రతిసారీ కరెంటు తింటుంది, వారంలో ఐదు రోజులు కొంచెం కొంచెం కరిగించే బదులు రెండు రోజులు నిండుగా కరిగిస్తే ఆ వృథా తగ్గుతుంది. తలా ఇంత పద్ధతిలో ఈ పొదుపు మూడు వస్తువుల మీదా సన్నగా పంచుకుపోయి ఎవరికీ కనపడేది కాదు.

వస్తువు ఆపేయాలా అన్నప్పుడు లెక్క మారుతుంది

ఇది విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇంత కష్టపడి పంచిన లెక్కే ఇక్కడ దారి తప్పిస్తుంది. కొవ్వొత్తి ధర బజారులో 110కి పడిపోయిందనుకోండి. మొత్తం ఖర్చు 115.6, అంటే ఒక్కోదాని మీద 5.6 నష్టం, కాగితం ఆపేయమంటుంది. ఆపేస్తే ఏం జరుగుతుంది? కొవ్వొత్తుల కింద ఉన్న 7,500 అద్దె ఎక్కడికీ పోదు, సబ్బుల మీద, బామ్ మీద వచ్చి కూర్చుంటుంది. లైట్లు అలాగే వెలుగుతాయి, ఇంటర్నెట్ బిల్లు అలాగే వస్తుంది. పోయేది మాత్రం నేల ధర పైన వస్తున్న 21, నాలుగు వందల కొవ్వొత్తులకి 8,400. అంటే నష్టం వస్తోందని ఆపేసి నెలకి 8,400 చొప్పున ఇంకా పేదవాళ్లం అవుతాం. మిగిలిన రెండిటి వాటా పెరిగి, ఈసారి సబ్బు లాభం తగ్గినట్టు కనిపించడం మొదలవుతుంది. అలా ఒకదాని తర్వాత ఒకటి తీసేసుకుంటూ పోయిన యూనిట్లు ఉంటాయి.

ఆపడం సరైనదయ్యేది ఆ జాగాలో అంతకంటే ఎక్కువ తెచ్చేది ఏదైనా పెట్టగలిగినప్పుడు, లేదా ఆ 150 అడుగులు వదిలేసి చిన్న షెడ్డుకి మారి అద్దె నిజంగా తగ్గించుకోగలిగినప్పుడు. కాబట్టి అద్దె వాటా మామూలు ధర పెట్టడానికి పనికొస్తుంది, ఉంచాలా తీసేయాలా అన్న ప్రశ్నకి దాన్ని పక్కన పెట్టి, ఆపేస్తే జేబులోంచి వెళ్లకుండా ఆగేది ఎంత అని మాత్రమే చూడాలి.

టోకు ఆర్డర్ వచ్చినప్పుడు

ఒకరు వచ్చి 300 సబ్బులు 45 చొప్పున కావాలంటారు. ఇవ్వగలిగిన సంఖ్యతో వేసిన మొత్తం ఖర్చు 42.5, అమ్మిన సంఖ్యతో వేస్తే 45.6. ఏది చూడాలి? రెండూ కాదు, ముందు ర్యాకులు చూడాలి. 300 సబ్బులకి ఖాళీ ఉంది కాబట్టి నేల ధర 30 పైన ఒక్కోటి 15 తెస్తుంది, మొత్తం 4,500. ఖాళీ జాగాకి వృథాగా పోతున్న 3,750 తిరిగొచ్చి ఇంకొంచెం మిగిలింది, తీసుకోవచ్చు. అదే ర్యాకులు నిండి ఉన్న నెలలో అయితే ఈ 300 కోసం 65కి అమ్ముకునే 300 సబ్బుల్ని వదులుకోవాలి, ఒక్కోదాని మీద 20 పోతుంది, మొత్తం 6,000. అప్పుడు వద్దనాలి, లేదా ర్యాకులు ఖాళీ అయ్యే నెలకి ఆర్డర్ జరపమనాలి.

ఆ ఆర్డర్ ఒక్కసారికే అని నోటితో కాకుండా కాగితం మీద రాయించుకోండి, ఎందుకంటే ప్రతి నెలా వచ్చే ఆర్డర్ అయితే ఆ ర్యాకులు ఇక ఖాళీ కిందికి రావు, అది కూడా మిగతా సబ్బుల్లాగే అద్దెలో తన వాటా మోయాల్సిందే. కొత్త యంత్రం వచ్చినా, అద్దె మారినా, ర్యాకులు జరిపినా పైన వేసిన వాటాలు పాతబడిపోతాయి. ఆ మార్పులేవీ లేకపోతే ఏడాదికి ఒకసారి టేపు, ఎనర్జీ మీటర్, బల్ల దగ్గరి టైమ్ కాగితం బయటికి తీసి మళ్లీ కొలిస్తే సరిపోతుంది.